చెవికి కన్ను, కంటికి చెవి: టీవీలో క్యాప్షన్లు, ఆడియో వివరణ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను వచ్చే ముందు టీవీలో హెచ్చరికలు చెబుతారని మీకు తెలుసు. వార్తలు చదివేవారు మాట్లాడుతూ ఉంటారు, వెనుక పటం కనిపిస్తూ ఉంటుంది. వినికిడి లేనివారికి పటం కనిపిస్తుంది కాని మాట అందదు. చూపు లేనివారికి మాట వినిపిస్తుంది కాని పటం అందదు. మరి వీరిద్దరికీ కార్యక్రమం పూర్తిగా అందాలంటే ఏం చేయాలి?

వినలేని వారి కోసం మాటలనూ ముఖ్యమైన శబ్దాలనూ తెర అడుగున అక్షరాలలో చూపుతారు. వీటిని క్యాప్షన్లు అంటారు. చూడలేని వారి కోసం తెరమీద జరిగేదాన్ని మాటల మధ్య ఖాళీలలో ఒక గొంతు చెబుతుంది. దీన్ని ఆడియో వివరణ అంటారు. ఈ రెండూ ఎలా తయారవుతాయో ఒక ఉదాహరణతో చూద్దాం.

అచ్యుతాపురం దగ్గర పూడిమడక అనే మత్స్యకారుల గ్రామం ఉంది. తుపాను జాగ్రత్తల గురించి అక్కడి ఒడ్డున ఒక చిన్న చిత్రం తీశారని ఊహించుకోండి. లౌడ్‌స్పీకరులో ప్రకటన వినిపిస్తోంది. ఒక ముసలాయన పడవ దగ్గరున్న కుర్రవాడితో ఇలా అంటాడు:

"ఒరే అప్పన్నా! సముద్రం అదోలా ఉందిరా. రేపు సాయంత్రం దాకా ఎవులూ వేటకెళ్ళొద్దని మైకులో చెప్తన్నారు, ఇనబడలేదేటి?"

మాటకు కాలం కట్టడం

క్యాప్షన్లు రాసేవారు మొదట చిత్రాన్ని కంప్యూటరులో వేసి, ఆపుతూ నడుపుతూ ప్రతి మాటనూ రాసుకుంటారు. మన దేశపు టీవీలో సెకనుకు 25 బొమ్మలు కదులుతాయి. ఒక్కొక్క బొమ్మనూ ఒక ఫ్రేము అంటారు. ప్రతి ఫ్రేముకూ గంట, నిమిషం, సెకను, ఫ్రేము సంఖ్య ఉంటాయి. 00:02:14:05 అంటే రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు గడిచాక ఐదో సంఖ్య గల ఫ్రేము అన్నమాట. ఏ క్యాప్షను ఏ ఫ్రేములో కనిపించాలో, ఏ ఫ్రేములో మాయం కావాలో ఈ అంకెలతోనే నిర్ణయిస్తారు.

ఇక్కడే చిక్కు వస్తుంది. ముసలాయన మాటలో 44 అక్షరాలున్నాయి. (ఇక్కడ గుణింతం, వత్తు, సున్న కలిసినదాన్ని ఒకే అక్షరంగా లెక్కపెట్టాము.) ఆయన గబగబా ఐదారు సెకన్లలో అనేశాడు. వినేవాడికి చెవులు పనిచేస్తుంటే కళ్ళు ఖాళీగా ఉంటాయి. చదివేవాడు మాత్రం అదే కళ్ళతో అక్షరాలనూ చూడాలి, ముసలాయన ముఖాన్నీ చూడాలి. అందువల్ల క్యాప్షను సాధారణంగా రెండు పంక్తులు మించకుండా చూస్తారు. వ్యవధి చాలకపోతే కొంత కుదిస్తారు:

సముద్రం అదోలా ఉందిరా, అప్పన్నా.

రేపు సాయంత్రం దాకా
ఎవులూ వేటకెళ్ళొద్దంట!

44 అక్షరాలు 28 అయ్యాయి. "మైకులో చెప్తన్నారు" పోయినా నష్టం లేదు. ఎందుకంటే అంతకు ముందే [లౌడ్‌స్పీకరులో ప్రకటన] అని ఒక క్యాప్షను వేశారు. "ఎవులూ" అన్న మాటను "ఎవరూ" అని దిద్దలేదు చూశారా? ఆయన యాస కూడా వినలేని ప్రేక్షకుడికి తెలియాలి. అయితే కుదించడం అందరికీ నచ్చే పని కాదు. 'ఇతరులు విన్న ప్రతి మాటా మాకూ కావాలి' అని వినికిడి లేనివారిలో చాలామంది అడుగుతారు. అందుకే కాలం సరిపోయిన చోట ఒక్క మాటా తీయరు.

తెలుగులో మరో జాగ్రత్త అవసరం. మన భాషలో 'కాదు, లేదు, వద్దు' అనేవి వాక్యం చివర వస్తాయి. "సముద్రంలోకి వెళ్ళడానికి వీలు" అని ఒక క్యాప్షనులో రాసి, "లేదు" అన్నదాన్ని తరువాతి దానిలో వేశారనుకోండి. మొదటిది చదివి కళ్ళు తిప్పుకున్నవాడికి అర్థం తలకిందులవుతుంది! కనుక క్రియనూ దాని వ్యతిరేకాన్నీ ఎన్నడూ విడదీయరాదు.

మీట నొక్కితేనే కనిపించే అక్షరాలు

కావాలన్నవారికే కనిపించే క్యాప్షన్లను క్లోజ్డ్ క్యాప్షన్లు అంటారు. ఇవి 1980 మార్చిలో అమెరికాలో మొదలయ్యాయి. అక్కడి టీవీ బొమ్మ అడ్డగీతలతో ఏర్పడేది. మామూలుగా తెరపై కనిపించని 21వ గీతలో, ఫ్రేముకు రెండు అక్షరాల చొప్పున సంకేతాలు దాచి పంపేవారు. ఇంట్లో ఉన్న ప్రత్యేక పెట్టె వాటిని విప్పి తెరపై చూపేది. ఇంగ్లీషుకు అది చాలింది. కాని ఆ సంకేతాలలో తెలుగు లిపికి చోటు లేదు. నేటి డిజిటల్ ప్రసారంలో క్యాప్షనును చిన్న బొమ్మగా మార్చి పంపే పద్ధతి కూడా ఉంది. వత్తు ఎక్కడ చేర్చాలో టీవీకి తెలియనక్కరలేదు, వచ్చిన బొమ్మను తెరపై పరిస్తే చాలు.

ఖాళీలో ఇమిడే మాట

ఇప్పుడు రెండో పని చూద్దాం. ముసలాయన మాట అయ్యాక ఐదు సెకన్లపాటు గాలి హోరు తప్ప మరేమీ లేదు. వివరణ ఆ ఐదు సెకన్లలోనే ఇమడాలి. నిదానంగా చదివితే ముప్పై అక్షరాలు పడతాయనుకుందాం. కుర్రవాడి చొక్కా రంగు, ఎగిరే పక్షులు, తడి ఇసుక, ఇవన్నీ చెప్పడానికి వ్యవధి లేదు. కథకు ఏది లేకపోతే లోటో అదే చెప్పాలి:

"అప్పన్న సముద్రం వైపు చూస్తాడు. నల్లని మబ్బులు. పడవ తాడు చెట్టుకు బిగిస్తాడు."

లెక్కపెట్టండి, 29 అక్షరాలు! "అప్పన్న భయపడ్డాడు" అని రాయలేదు. భయం తెరమీద కనిపించే వస్తువు కాదు. కనిపించినది చెబితే భయపడ్డాడో లేదో శ్రోతే గ్రహిస్తాడు. అలాగే తెరమీద జరగకముందే ఏదీ బయటపెట్టరు. "ఇతడు పడవను కాపాడతాడు" అని ముందే చెబితే కథలో ఉత్కంఠ ఏముంటుంది?

రాసినదాన్ని ఒకరు చదివి రికార్డు చేస్తారు. ఆ గొంతు వచ్చే చోట గాలి హోరును కొద్దిగా తగ్గించి రెంటినీ కలుపుతారు. దీన్ని ప్రసారంలో వేరే ధ్వనిగా పంపితే, కావలసినవారు దానిని ఎంచుకుంటారు.

చివరిది పరీక్ష. చిత్రం ఇంతకు ముందు చూడని వారికి ధ్వని ఆపి క్యాప్షన్లతో చూపుతారు. వివరణను చూపు లేని వ్యక్తికి వినిపిస్తారు. "తాడు కట్టింది ఎవరు?" అని ఆయన అడిగితే వాక్యం మార్చవలసిందే.

అడుగున సరిదిద్దలేనిది

ముందుగా తీసిన చిత్రానికి ఇంత వ్యవధి దొరుకుతుంది. ప్రత్యక్ష ప్రసారంలో దొరకదు. మాట విని టైపు చేసేసరికి కొన్ని సెకన్లు గడుస్తాయి. క్యాప్షను వచ్చేలోగా పటం మారిపోవచ్చు. వార్తలు చదివేవారు పటం మీద వేలు పెట్టి "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా తుపాను ప్రభావం ఉంటుంది" అంటే, వివరణ చెప్పడానికి ఖాళీయే లేదు. "కళింగపట్నం నుంచి కాకినాడ దాకా" అని అంటే వివరణ అవసరమే ఉండదు! అంటే సగం పని మొదటి రచనలోనే ఉందన్నమాట.

మన దేశంలో వినికిడి లేనివారి కోసం టీవీ కార్యక్రమాలకు 2019లో సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ప్రమాణాలు ప్రకటించింది. సినిమాహాళ్ళలో వినలేనివారికీ చూడలేనివారికీ కావలసిన సదుపాయాలపై 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది.

మీరే చేసి చూడండి

ఒక కార్యక్రమంలో మాటలు లేని ఐదు సెకన్ల భాగం వెతకండి. దానికి 30 అక్షరాల లోపు వివరణ రాయండి. కళ్ళు మూసుకున్న మిత్రునికి, ఆ భాగం నడుస్తుండగా చదివి వినిపించండి. తరువాత అతడు ఏం ఊహించాడో అడిగి, తెరమీద ఉన్నదానితో పోల్చండి. తేడా వచ్చిందా? ఏ మాట వల్ల వచ్చిందో కనిపెట్టి, ఆ ఒక్క మాట మార్చి మళ్ళీ చదవండి.