తమ్ముడి పోస్టుల్లో ఏవి ఉంచాలి?

ఖమ్మంలో కాలేజీ లెక్చరరుగా పనిచేసే ఒకాయన నలభై మూడేళ్లకే గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ అయిన వారానికి ఆయన భార్య, భర్త ఫోను తెచ్చి బావగారి చేతిలో పెట్టింది.

"ఫేస్‌బుక్కులో ఆయన రాసినవన్నీ అలాగే ఉన్నాయి బావగారూ. పాప స్నేహితులు కూడా చూస్తున్నారట. ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో మీరే చూడండి."

"నేనా అమ్మా?"

"నేను చదవలేకపోతున్నాను. మీరైతే వాడి మనసు తెలిసినవారు."

ఇది నేను అల్లిన కథ. కానీ ఫోను తెర మీద ఆ అన్నకు ఎదురయ్యేవన్నీ నిజంగా జరిగేవే. ఇంట్లో మనిషి పోయిన ఏ కుటుంబానికైనా ఇవాళో రేపో ఈ పని తప్పడం లేదు.

అన్నకు మొదట వచ్చిన ఆలోచన, చాలామందికి వచ్చేదే: తమ్ముడు పోయాడని ఫేస్‌బుక్కుకు తెలియజేస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారు కదా అని. మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి ఒక దరఖాస్తు నింపితే ఆ ఖాతాను స్మారక ఖాతాగా మారుస్తారు. పేరు పక్కన "Remembering" అన్న మాట చేరుతుంది. పుట్టినరోజు గుర్తుచేసే సందేశాలు ఆగిపోతాయి. ఇదంతా మంచిదే. అయితే ఆ క్షణం నుంచి ఆ ఖాతాలోకి ఎవరూ లాగిన్ కాలేరు, పాస్‌వర్డు తెలిసినా సరే. చనిపోయిన మనిషి బతికుండగానే ఎవరినైనా "Legacy contact"గా, అంటే ఖాతాకు వారసుడిగా ఎంచుకుని ఉంటే ఆ వ్యక్తి ప్రొఫైల్ ఫొటో మార్చవచ్చు, పైన ఒక నివాళి పెట్టవచ్చు, ఖాతానే పూర్తిగా తీసేయమని కోరవచ్చు. పాత పోస్టుల్లో ఒక్కదాన్ని కూడా తీయలేడు, దిద్దలేడు. సందేశాలు చదవలేడు. అంటే ఉంచితే మొత్తం ఉంచాలి, తీస్తే మొత్తం తీయాలి. ఏరుకునే వీలు లేదు.

పైగా ఈ దరఖాస్తు కుటుంబమే పెట్టాలని లేదు. మరణానికి రుజువు చూపగల స్నేహితుడు కూడా పెట్టవచ్చు. ఇంట్లోవాళ్లు ఇంకా ఏడుపులో ఉండగానే ఎవరో ప్రేమతోనే ఆ పని చేసేస్తే ఏరుకునే అవకాశం అక్కడితో పోతుంది. మన కథలో ఎవరూ చేయలేదు. ఫోను ఇంకా తెరుచుకుంటోంది, తమ్ముడి ఖాతా అందులో లాగిన్ అయ్యే ఉంది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఒకరి ఖాతాను మరొకరు వాడటాన్ని ఫేస్‌బుక్ నిబంధనలు ఒప్పుకోవు. చనిపోయినవారి భార్య అనుమతితో అన్న చేసినా, ఆ నిబంధనల దృష్టిలో అది సక్రమమైన దారి కాదు. ఎందరో ఇళ్లలో జరుగుతున్నది మాత్రం ఇదే. అందుకే ఆ అన్న తనకు తాను ఒక హద్దు పెట్టుకున్నాడు: తమ్ముడి పేరుతో కొత్తగా ఒక్క అక్షరం రాయడు, మెసెంజరు తెరవడు. అవతలి మనుషులు తమ్ముడికని రాసిన మాటలు అవి, అన్నకు రాసినవి కావు.

ఏదైనా తీసే ముందు మొత్తానికి ఒక నకలు తీసిపెట్టుకున్నాడు. సెట్టింగుల్లో మన సమాచారం నకలు దింపుకునే వీలుంటుంది. పోస్టులు, ఫొటోలు, వీడియోలు అన్నీ ఒక ఫైలుగా వస్తాయి. రెండు రూపాలు చూపిస్తుంది: మామూలుగా తెరిచి చదువుకోవాలంటే HTML ఎంచుకోవాలి, JSON అన్నది కంప్యూటరు ప్రోగ్రాములకు. ఆ ఫైలు తెరిచి చూశాక అతనికి ఒక లోటు కనిపించింది. తమ్ముడు రాసినవి వచ్చాయి గానీ, ఆ పోస్టుల కింద స్నేహితులు, శిష్యులు రాసిన వ్యాఖ్యలు పూర్తిగా రాలేదు. పోస్టు తీసేస్తే దాని కింది వ్యాఖ్యలన్నీ దానితోపాటే పోతాయి. అలా పోయినవి ఈ నకలులో దొరకవు. కాబట్టి వ్యాఖ్యలు విలువైన చోట తెరను ఫొటో తీసి పెట్టుకోవడమే మార్గం.

ఆ తర్వాత "Activity log" తెరిచాడు. సంవత్సరాల వారీగా పోస్టులన్నీ వరుసగా చూపించేది అదే. 2020 నుంచి అక్కడ రెండు వేరువేరు పనులకు వీలుంది. "Archive" అంటే పోస్టును పక్కన పెట్టడం: ఇతరులకు కనబడదు, చెరిగిపోదు. "Trash" అంటే చెత్తబుట్ట: ముప్ఫై రోజులు ఉండి తర్వాత శాశ్వతంగా పోతుంది. ఆ ముప్ఫై రోజుల లోపు మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. అన్న అనుమానమున్నవన్నీ ముందు పక్కన పెట్టాడు. కానీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఖాతా స్మారకంగా మారాక ఎవరూ లోపలికి వెళ్లలేరు కనుక, పక్కన పెట్టినవాటిని మళ్లీ బయటికి తెచ్చే చెయ్యి ఉండదు. ఏ నిర్ణయమైనా దరఖాస్తుకు ముందే తేలాలి.

ఇక అసలు పని. కొన్ని పోస్టుల దగ్గర అతనికి సందేహమే రాలేదు. కూతురి స్కూలు పేరు, బస్సు ఎక్కే చోటు, యూనిఫాంలో ఫొటో అందరికీ కనబడేలా ఉన్నాయి. అవి తీసేశాడు. ఇంటి ఫోను నంబరు, కొత్త బండి కాగితాల ఫొటో తీసేశాడు. అప్పు తీసుకుని తిప్పించుకుంటున్న ఒక స్నేహితుణ్ణి తమ్ముడు పేరు పెట్టి తిట్టిన పోస్టు ఉంది. ఆ స్నేహితుడు దినం రోజున వచ్చి, మూలన కూర్చుని ఏడ్చి వెళ్లాడు. ఆ బాకీ తీరిందో లేదో అన్నకు తెలియదు. కానీ ఆ మాట వెనక్కి తీసుకునే మనిషి ఇక లేడు, జవాబు చెప్పుకునే చోటూ అతనికి లేదు. అది కూడా తీసేశాడు.

రాజకీయాల పోస్టుల దగ్గర చెయ్యి ఆగింది. తమ్ముడు ఘాటుగా రాసేవాడు. ఒక పార్టీని 2014లో ఆకాశానికెత్తి, 2019లో అదే పార్టీని చీల్చి చెండాడాడు. అన్న అభిప్రాయాలు వేరు. చదువుతుంటే చాలాచోట్ల ఒళ్లు మండింది కూడా. ఇవన్నీ తీసేస్తే మిగిలేది పండగ శుభాకాంక్షలు, గుడి ముందు ఫొటోలు, పిల్ల పుట్టినరోజులు. అప్పుడు ఎవరితోనూ ఎన్నడూ విభేదించని ఒక మెత్తటి మనిషి కనబడతాడు. వాళ్ల తమ్ముడు అలాంటివాడు కాదు. ఆ పోస్టులు ఉంచాడు. ఒక సమూహం మీద నోరు పారేసుకున్న ఒకటి మాత్రం పక్కన పెట్టాడు. ఆ మాట మర్నాడే తమ్ముడు ఒక వ్యాఖ్యలో తప్పని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు చూడకుండా పోస్టొక్కటే చూసేవాళ్లే ఎక్కువమంది.

ఇలాంటి ఏరివేత ఫోన్లతో పుట్టింది కాదు. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ 1817లో చనిపోయింది. ఆమె ఉత్తరాలు అక్క కసాండ్రా దగ్గర ఉన్నాయి. కసాండ్రా తన చివరి రోజుల్లో, 1840ల మొదట్లో, వాటిలో చాలావాటిని కాల్చేసింది, కొన్నిటిలో ముక్కలు కత్తిరించింది. ఇవాళ మిగిలినవి 160 దాకా ఉన్నాయి. బంధువుల గురించి జేన్ నిర్మొహమాటంగా రాసిన మాటలు వాళ్ల చెవిన పడకూడదని అక్క అలా చేసి ఉంటుందని జీవితచరిత్రకారులు భావిస్తారు. ఆ ప్రేమను తప్పుపట్టలేను. కానీ ఆ ఉత్తరాల్లో ఏముందో తెలుసుకునే దారి లేకుండా పోయింది. కసాండ్రాకు లేని వీలు మన కథలోని అన్నకు ఉంది. మొత్తం నకలు ఇంట్లో భద్రంగా ఉంది. అతను లోకం కంటికి కనబడేది ఎంతో తేలుస్తున్నాడు తప్ప, తమ్ముడి రాతల్ని లేకుండా చేయడం లేదు. అందుకే నకలు ముందు, ఏరివేత తర్వాత అని గట్టిగా చెబుతున్నాను.

అన్నిటికన్నా కష్టమైన పోస్టు 2016 నాటిది. ఇల్లు పంచుకున్న ఏడాది. పేరు రాయలేదు గానీ చదివిన బంధువులందరికీ అర్థమైంది: పెద్దవాళ్లు పెద్దరికం మర్చిపోతే చిన్నవాళ్లు ఎవరికి చెప్పుకోవాలి అని. కింద బంధువులు ఓదారుస్తూ వ్యాఖ్యలు పెట్టారు. తర్వాత రెండేళ్లకు అన్నదమ్ములు కలిసిపోయారు, ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తమ్ముడూ ఆ పోస్టు తీయలేదు. మర్చిపోయాడో, కావాలని ఉంచాడో ఇక తెలిసేది కాదు.

దాన్ని తీసేయడం అతనికి ఎంత తేలికో చూడండి. అడిగేవాళ్లు లేరు. చూసేవాళ్లు లేరు. కానీ ఆ ఫోను అతని చేతికి వచ్చింది తన మీద పడ్డ మాట తుడుచుకోవడానికి కాదు. అతను మరదల్ని పిలిచి చూపించాడు. "ఇది నా గురించి రాసింది. దీని సంగతి నువ్వే చెప్పాలమ్మా" అన్నాడు. ఆమె చదివి, "ఉండనివ్వండి బావగారూ, స్నేహితుల వరకే కనబడేలా చేయండి" అంది. అలాగే చేశాడు. నా దృష్టిలో ఈ పని మొత్తానికీ ఇదే కొలత. బతికున్న మూడో మనిషికి హాని చేసేది తీయవచ్చు. ఏరుతున్న మనిషికి ఇబ్బందిగా ఉన్నది మాత్రం అతను తీయకూడదు. ఆ నిర్ణయం ఇంకొకరికి వదలాలి.

చట్టం ఈ దారిలో మెల్లగా నడుస్తోంది. బెర్లిన్‌లో పదిహేనేళ్ల అమ్మాయి 2012లో రైలు కిందపడి చనిపోయింది. అది ప్రమాదమో ఆత్మహత్యో తెలుసుకోవాలని తల్లిదండ్రులు ఆమె ఫేస్‌బుక్ ఖాతా చూడబోతే, అప్పటికే అది స్మారక ఖాతాగా మారిపోయింది. ఆరేళ్లు పోరాడాక 2018 జూలైలో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ఉత్తరాలు, డైరీలు వారసులకు చెందినట్టే ఖాతా కూడా చెందుతుందని తీర్పు చెప్పింది. ఫేస్‌బుక్ 14,000 పేజీలు దాటిన ఒక పీడీఎఫ్ ఇచ్చింది. అంత పెద్ద కుప్పలో వెతకడం కుదిరే పని కాదని వాళ్లు మళ్లీ కోర్టుకెళ్తే, ఖాతానే తెరిచి చూపాలని 2020లో తీర్పొచ్చింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 14వ సెక్షన్, మన తర్వాత మన డేటా హక్కుల్ని వాడటానికి ఒకరిని నామినీగా పెట్టుకునే హక్కు ఇచ్చింది. బతికుండగా నామినీని పెట్టుకోకపోతే ఆ సెక్షన్ వల్ల ఇంట్లోవాళ్లకు ఒరిగేది లేదు.

కాబట్టి ఇది చదువుతున్న మీరు ఇవాళే మీ ఫేస్‌బుక్ సెట్టింగుల్లో "Accounts Center", అందులో "Personal details", ఆ లోపల "Account ownership and control", చివరగా "Memorialization" తెరవండి. అక్కడ మీ స్నేహితుల జాబితాలో ఉన్న ఒకరిని వారసుడిగా ఎంచుకోండి, మీ సమాచారం నకలు దింపుకునే అనుమతి కూడా ఇవ్వండి. వాళ్లు మీ పాత పోస్టులు తీయలేరు కనుక, పిల్లల వివరాలూ ఒకరిని నొప్పించిన మాటలూ మీరే ఏరి తీసేయండి. ఆ పని మీ తమ్ముడికో అక్కకో మిగల్చకండి.