గేమింగ్ పీసీకి కరెంటు ఖర్చెంత?

650 వాట్ల పవర్ సప్లై పెట్టించామంటే పీసీ గంటకు 650 వాట్లు తాగేస్తుందని చాలామంది భయపడతారు. అది గరిష్ఠంగా ఇవ్వగల శక్తి మాత్రమే. లోపలి భాగాలు అడిగినంతే అది గోడనుంచి లాగుతుంది, కాస్త నష్టంతో కలిపి.

ఎక్కువ అడిగేది గ్రాఫిక్స్ కార్డే. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 టీఐ, తర్వాతి తరం 4060 చాలా ఆటల్లో దాదాపు సమానంగా ఆడిస్తాయి. కంపెనీ లెక్కలో మొదటిది 200 వాట్లు, రెండోది 115. ఒక ఆటలో రెండూ సెకనుకు 80 ఫ్రేములే ఇచ్చాయనుకుందాం. వాట్‌కు పాతది 0.4 ఫ్రేమ్, కొత్తది దాదాపు 0.7. సామర్థ్యం అంటే ఇదే.

ఇక డబ్బు. తేడా 85 వాట్లు. రోజుకు 4 గంటల చొప్పున నెలకు 120 గంటలు ఆడితే 10.2 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే నెలకు 82 రూపాయలు. మన స్లాబుల బిల్లులో ఈ అదనపు యూనిట్లు పడేది చివరి స్లాబులో కాబట్టి సగటు ధరతో కాక, ఆ ధరతోనే లెక్కేయాలి. సెకండ్‌హ్యాండ్ 3060 టీఐ మూడు వేలు చవగ్గా దొరికితే, ఆ లాభం కరిగిపోవడానికి మూడేళ్లు పడుతుంది. అప్పుడప్పుడూ ఆడేవాళ్లకు పాతదే మేలు!

సాఫ్ట్‌వేర్ చూపించే వాట్లు కార్డువి మాత్రమే. మొత్తం తెలియాలంటే ప్లగ్‌కు పెట్టే వాట్‌మీటరే కావాలి. ఫ్రేములను 60కి కట్టేస్తే రెండు కార్డులూ తక్కువే లాగుతాయి.