కలను ఒక ప్రశ్న అడిగి పడుకుంటే...

హెచ్, ఐ, జె, కె, ఎల్, ఎం, ఎన్, ఓ. ఈ అక్షరాల వరుస మొత్తం కలిసి ఒకే ఒక్క మాటను సూచిస్తుంది. ఏంటది?

ఒక్క నిమిషం ఆలోచించండి. జవాబు కోసం అప్పుడే కిందకి స్క్రోల్ చేయకండి.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో విలియం డిమెంట్ అనే నిద్ర శాస్త్రవేత్త ఉండేవారు. 1970ల తొలినాళ్లలో ఆయన తన స్టూడెంట్లకి ఇలాంటి పజిల్సే ఇచ్చి ఒక ప్రయోగం చేశారు. పడుకునే ముందు సరిగ్గా పదిహేను నిమిషాలు పజిల్ మీద కూర్చోవాలి. జవాబు వచ్చినా రాకపోయినా నిద్రపోవాలి. పొద్దున లేవగానే ఏ కల వచ్చినా రాయాలి. ఆ తర్వాత ఇంకో పదిహేను నిమిషాలు మళ్లీ ప్రయత్నించాలి. ఇలా మూడు రాత్రులు.

అందులో ఒక కుర్రాడి సంగతి వినండి. పజిల్ చూడగానే అతనికి తట్టిన జవాబు ‘ఆల్ఫాబెట్’. అంతే, అదే కరెక్ట్ అనుకుని పడుకున్నాడు. ఆ రాత్రి బోలెడు కలలు వచ్చాయి. ఒక కలలో షార్క్‌లను వేటాడుతున్నాడు. ఇంకోదాంట్లో సముద్రంలో అలల మీద తేలుతున్నాడు. మరోదాంట్లో జోరున వాన. ఇంకోదాంట్లో ఎదురుగాలిలో పడవ నడుపుతున్నాడు. పొద్దున లేచి ఇవన్నీ బుద్ధిగా రాశాడు. జవాబు దగ్గర మాత్రం మళ్లీ ‘ఆల్ఫాబెట్’ అనే రాశాడు.

అసలు జవాబు: నీళ్లు. హెచ్ నుంచి ఓ దాకా, అంటే ‘హెచ్ టు ఓ’. పైకి అనుకుని చూడండి, తెలిసిపోతుంది.

కల రాత్రంతా నీళ్లు చూపించింది, మనిషి మాత్రం పట్టుకోలేదు. నాకు ఈ కథ భలే ఇష్టం. కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే మోసం చేసినట్టే. డిమెంట్ ప్రయోగంలో పాల్గొన్నది 500 మంది. మొత్తం 1148 ప్రయత్నాలు. వాటిలో పజిల్‌తో ఏదో ఒక సంబంధం ఉందనిపించిన కలలు 87. నిజంగా జవాబు దొరికిన కలలు ఏడు. అవును, ఏడే. నూటికి ఒకటి కూడా కాదు. పైగా వాన, సముద్రం ఎవరికైనా కలలో వస్తాయి కదా? ఆ కుర్రాడికి ఆ పజిల్ ఇవ్వకపోయినా ఆ రాత్రి నీళ్లే కలలోకి వచ్చేవేమో, ఎవరు చెప్పగలరు!

ఇలా ఒక ప్రశ్న పెట్టుకుని కల కోసం పడుకోవడాన్ని ‘డ్రీమ్ ఇంక్యుబేషన్’ అంటారు. పేరు కొత్తగా ఉన్నా పద్ధతి పాతదే. పాత గ్రీసులో ఎపిడారస్ అనే చోట వైద్య దేవుడి గుడి ఉండేది. రోగులు అక్కడికెళ్లి పడుకుని, దేవుడు కలలో వైద్యం చెప్తాడని ఎదురుచూసేవాళ్లు. మనకీ ఇది వింత కాదు. గుడిలో ‘నిద్ర చేసి’ రావడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది, మీ అమ్మమ్మనో నానమ్మనో అడిగితే ఒక కథైనా చెప్తుంది.

ఇక పజిల్స్ పక్కన పెడదాం. మనం రాత్రిళ్లు దొర్లుతూ ఆలోచించేది అక్షరాల వరుస గురించి కాదు కదా. ఈ ఆఫర్ తీసుకోవాలా, ఎం.ఎస్.కి వెళ్లాలా, ఈ సంబంధానికి ఊ అనాలా, ఇవీ మన ప్రశ్నలు. హార్వర్డ్‌లో పనిచేసే డీర్‌డ్రీ బ్యారెట్ అనే సైకాలజిస్ట్ సరిగ్గా ఇదే పట్టుకున్నారు. 1993లో వచ్చిన ఆమె అధ్యయనంలో 76 మంది కాలేజీ స్టూడెంట్లు ఉన్నారు. తమకు నిజంగా కావాల్సిన ప్రశ్నను వాళ్లే ఎంచుకోవచ్చు. ఒక వారం పాటు రోజూ అదే ప్రశ్నతో పడుకోవాలి. వారం చివరికి దాదాపు సగం మంది తమ ప్రశ్నకు సంబంధించిన కల వచ్చిందన్నారు. వాళ్లలో ఎక్కువమంది పరిష్కారంలాంటిది కూడా దొరికిందన్నారు. చదువు లెక్కల కంటే సొంత జీవితపు ప్రశ్నలకే ఫలితం బాగా వచ్చింది.

డిమెంట్ దగ్గర వెయ్యికి ఆరు, ఇక్కడ నాలుగింట ఒకటి కంటే ఎక్కువ. ఎందుకింత తేడా? ఒక కారణం, మూడు రాత్రులకి బదులు ఏడు. రెండోది, మన సొంత ప్రశ్న మన తలలో ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. మూడోదే అసలు కిటుకు. పజిల్‌కి ఒకే కరెక్ట్ ఆన్సర్. జీవితపు ప్రశ్నకి ‘దొరికింది’ అని చెప్పాల్సింది కల చూసినవాళ్లే. వారం రోజులు ఒకే విషయం గురించి కూర్చుని రాస్తే, కల రాకపోయినా కొంత స్పష్టత వస్తుంది. ఆ మార్కులు కూడా కల ఖాతాలో పడిపోయి ఉండొచ్చు.

అలాగని కొట్టిపారేయడానికీ లేదు. ఆ అధ్యయనంలోని ఒక కల చూడండి. ఒక స్టూడెంట్ పీజీకి అప్లై చేయాలి. క్లినికల్ సైకాలజీనా, ఇండస్ట్రియల్ సైకాలజీనా? ఎటూ తేల్చుకోలేకపోతోంది. కలలో తను విమానంలో ఉంది, కింద అమెరికా మ్యాప్. ఇంజిన్‌లో ఏదో తేడా వచ్చింది, ఎక్కడైనా సేఫ్‌గా దిగాలి అంటాడు పైలట్. మ్యాప్‌లో దీపాలు వెలుగుతున్న చోట దిగొచ్చు. ఇప్పుడు మనం మసాచుసెట్స్ పైనే ఉన్నాం కదా, ఇక్కడ దిగుదామా అని అడుగుతుంది. ‘వద్దు, ఇక్కడంతా చాలా ప్రమాదం’ అంటాడు. దీపాలు ఎక్కడో దూరంగా, పడమటి వైపు కనిపిస్తున్నాయి.

మెలకువ వచ్చాక తనకి ఒకటి గుర్తొచ్చింది. క్లినికల్ కోర్సులు రెండూ మసాచుసెట్స్‌లోనే ఉన్నాయి. తను పుట్టి పెరిగింది అక్కడే, అమ్మానాన్నలు ఉండేదీ అక్కడే. ఇండస్ట్రియల్ కోర్సులు మాత్రం టెక్సస్, కాలిఫోర్నియాల్లో. తన అసలు సమస్య సబ్జెక్ట్ కాదు, ఇల్లు. ముందు ఆ ఇంటి నుంచి దూరంగా వెళ్లడం ముఖ్యం, ఏం చదవాలన్నది ఆ తర్వాత సంగతి అని తనకే అర్థమైంది.

గమనించారా? కల ‘ఇండస్ట్రియల్ తీసుకో’ అని చెప్పలేదు. కోర్సుల పేరే ఎత్తలేదు. తను అడిగిన ప్రశ్న పక్కన ఉన్న ఇంకో ప్రశ్నని బొమ్మ వేసి చూపించింది. దాన్ని చదువుకున్నది పొద్దున మేలుకున్న బుర్ర. ఈ పద్ధతి నుంచి నిజాయితీగా ఆశించదగ్గది ఇదే.

మరి ఎలా చేయాలి? బ్యారెట్ చెప్పే పద్ధతి సింపుల్‌గానే ఉంటుంది. ప్రశ్నని ఒక చిన్న వాక్యంగా కాగితం మీద రాసి మంచం పక్కన పెట్టుకోండి. పడుకునే ముందు కాసేపు చదువుకోండి. వీలైతే దాన్ని ఒక బొమ్మగా ఊహించుకోండి, ఎందుకంటే కలలకి అక్షరాల కంటే బొమ్మలు బాగా వచ్చు. నిద్రలోకి జారుతున్నప్పుడు ‘దీని గురించి కల రావాలి’ అని మీకు మీరే చెప్పుకోండి. పొద్దున మెలకువ రాగానే కదలకండి. కళ్లు మూసుకునే ఉండి, ఏం గుర్తుందో చూసుకోండి. ఒక చిన్న ముక్క దొరికినా దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే మిగతాది వస్తుంది. అప్పుడు రాయండి. అవును, ఫోన్‌లో కాదు, కాగితం మీదే. నోట్స్ యాప్ తెరిచేలోపు నాలుగు నోటిఫికేషన్లు కనిపిస్తాయి, కల ఆవిరైపోతుంది.

ప్రశ్న ఎలా అడుగుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ‘జాబ్ మారాలా వద్దా’ అంటే కల తల ఊపి చూపించదు. ‘మారడానికి నన్ను ఆపుతున్నదేంటి’ అంటే బొమ్మకి చోటు దొరుకుతుంది. నేను ఒక వారం చేసి చూశాను. నాన్న రిటైరయ్యారు. వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఖమ్మం వెళ్లిపోవాలా అన్నది కొన్నాళ్లుగా నలుగుతోంది. ‘ఖమ్మం అంటే నాకు దేనికి భయం’ అని రాసి పడుకున్నాను. ఏడు రాత్రుల్లో నాలుగు కలలు గుర్తున్నాయి. వాటిలో రెండు ఎందుకూ పనికిరావు, ఒకదాంట్లో మా ఇంటర్ కెమిస్ట్రీ సార్ ఆటో నడుపుతున్నారు. అయిదో రోజు మాత్రం మా ఇంటి గుమ్మానికి ఆఫీసులో ఉండే స్వైప్ మెషిన్ పెట్టారు. అమ్మ లోపలి నుంచి ‘విజిటర్ కార్డు తీసుకో నాన్నా’ అంటోంది. లేచాక నవ్వొచ్చింది, తర్వాత కాస్త కలుక్కుమంది. పదేళ్లుగా ఆ ఇంటికి నేను చుట్టంలాగే వెళ్లొస్తున్నాను. నా భయం ఉద్యోగం గురించి కాదేమో. వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు, కానీ అమ్మతో మాట్లాడాల్సింది ఏంటో తెలిసింది.

ఇక్కడ బోల్తా పడేది ఎక్కడంటే, మనకి కావాల్సిన జవాబునే కలలో చదువుకోవడం. దీనికి నేను వాడిన చెక్ ఒకటి ఉంది. పడుకునే ముందే ప్రశ్న కింద ‘ప్రస్తుతానికి నా మనసు ఎటు మొగ్గుతోంది’ అన్నది రెండు లైన్లు రాసిపెట్టాలి. పొద్దున ముందు కల మాత్రమే రాయాలి, అర్థం గిర్థం ఏమీ కలపకుండా. ఒక గీత గీసి, ఏమనిపించిందో దాని కింద రాయాలి. సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, కొత్తగా ఏమైనా వచ్చిందా, రాత్రి అనుకున్నదే వేషం మార్చుకొచ్చిందా అన్నది చాలావరకు తెలిసిపోతుంది.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మనవాళ్లు అంటారు. నిజమవడం సంగతేమో కానీ, ఆ టైమ్ కలలు పెద్దగా, స్పష్టంగా ఉండటానికి కారణం ఉంది. కలలు ఎక్కువగా వచ్చే ‘రెమ్’ నిద్ర రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ దాని నిడివి పెరుగుతుంది. కాబట్టి రెండింటికి పడుకుని ఏడింటికి అలారంతో లేచేవాళ్లు సరిగ్గా ఆ చివరి భాగాన్నే కోసేసుకుంటున్నారు. అలారం అక్కర్లేని రోజుల్లో మొదలుపెడితే మేలు.

కలకి తెలియనిదాన్ని అడిగి లాభం లేదు. గ్రూప్స్ రిజల్ట్, మ్యాచ్ స్కోరు, కడుపునొప్పికి కారణం, ఇవేవీ మీ తలలో లేవు. డేటాబేస్‌లో లేని రో ఎంత మంచి క్వెరీ రాసినా రాదు.

ఇంకొక్క మాట. ప్రశ్న తలుచుకుంటే నిద్ర రాకుండా గుండె దడదడలాడుతోందంటే ఆ రాత్రికి కాగితం మడిచి పక్కన పెట్టేయండి, అది కల పని కాదు, కంగారు పని. ఇప్పటికే నిద్ర సరిగ్గా పట్టనివాళ్లు, పీడకలలతో తరచూ లేచేవాళ్లు ఈ ప్రయోగం జోలికి వెళ్లకుండా డాక్టర్‌ని కలవడమే మంచిది. పీడకలలకి వేరే చికిత్స ఉంది. అందులో కలను పగలే, మెలకువలోనే, వేరే ముగింపుతో తిరగరాసుకుని రోజూ కాసేపు ఊహించుకోమంటారు. మిగతావాళ్లకి ఒక వారం చాలు. ఏడు రోజుల్లో ఏమీ రాకపోతే ఆ ప్రశ్న మీద మీ కలకి ఆసక్తి లేదనుకుని, మామూలుగా ఫ్రెండ్‌కి ఫోన్ చేసి మాట్లాడండి.