శాతం పెరిగింది, లెక్కేసుకున్నంత రాలేదు

సింగరేణిలో దసరా ముందు మాట్లాడుకునేది లాభాల వాటా గురించే. దీపావళికి వచ్చే బోనస్ వేరు. దాన్ని కోలిండియా స్థాయిలో కార్మిక సంఘాలతో మాట్లాడి ఇంతని తేలుస్తారు. లాభాల వాటా మాత్రం కంపెనీ ఆ ఏడాది సంపాదించినదాంట్లో ఇన్ని శాతం అని ప్రభుత్వం ప్రకటించేది. 2022-23లో లాభం 2,222 కోట్లు, వాటా 32 శాతం, అంటే 711 కోట్లు. ఆ లెక్క ఎవరైనా వేళ్ల మీద వేసుకోగలరు.

2023-24లో లాభం 4,701 కోట్లకు చేరింది. వాటా 33 శాతమన్నారు. పాత అలవాటు ప్రకారం లెక్కేస్తే సుమారు 1,551 కోట్లు రావాలి. 2024 సెప్టెంబరులో ప్రకటించింది 796 కోట్లు. సగటున ఒక్కో కార్మికుడికి లక్షా 90 వేల రూపాయలు. ముందటి ఏడాది కంటే ఎక్కువే, కానీ ఇళ్లలో లెక్కలు వేసుకున్నదాంట్లో దాదాపు సగం. సంఘాలు ఆందోళనకు దిగాయి.

తేడా ఎక్కడొచ్చింది? శాతంలో కాదు, ఆ శాతాన్ని దేనిమీద కట్టారన్నదాంట్లో. 4,701 కోట్లలోంచి ముందుగా 2,289 కోట్లను విస్తరణ పెట్టుబడుల కోసం పక్కన పెట్టారు. మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం కట్టారు. మొత్తం లాభంతో పోలిస్తే కార్మికులకు అందింది 17 శాతం లోపే. మరుసటి ఏడాదీ ఇదే పద్ధతి: పెట్టుబడులకు తీయగా మిగిలిన 2,360 కోట్ల మీద 34 శాతం.

బొగ్గు నిల్వలు ఎప్పటికీ ఉండవు. కొత్త గనులు తెరవకపోతే, విద్యుత్తు వైపు వెళ్లకపోతే కంపెనీకి రేపు పని ఉండదు. కాబట్టి డబ్బు పక్కన పెట్టడం తప్పనలేం. ఆ సంగతి ఏడాది మొదట్లో చెప్పకపోవడమే చిక్కు. మార్చి 31తో లెక్కల సంవత్సరం ముగుస్తుంది, వాటా ప్రకటన సెప్టెంబరులో వస్తుంది. ఆ ఐదారు నెలలూ కార్మికుడు పాత సూత్రంతోనే కూతురి పెళ్లి ఖర్చో, ఇంటి స్లాబో లెక్కేసుకుంటాడు. పైగా ప్రకటనలో ముందు వినిపించేది పెరిగిన శాతం. నిజానికి ముందు చెప్పాల్సింది పక్కన పెట్టిన మొత్తం.

ఇలాంటప్పుడు యాజమాన్యాలు ఎక్కడైనా జారే మాట ఒకటుంది: ‘హాజరు బాగుంటే ఇంకా వచ్చేది’. ఇందులో సగమే నిజం. సింగరేణిలో ఒక్కొక్కరి వాటా మస్టర్లను బట్టి, భూగర్భ గనా, ఓపెన్‌కాస్టా, ఉపరితలమా అన్నదాన్ని బట్టి మారుతుంది. బాయి దిగేవారికి మస్టరుకు ఎక్కువ కడతారు. కానీ ఇదంతా 796 కోట్లు ఖాయమయ్యాక జరిగే పంపకం. ఒకరు పది రోజులు నాగా పెడితే అతని వాటా తగ్గుతుంది. ఆ పది మస్టర్ల వల్ల 1,551 కోట్లు 796 కోట్లు కావు. హాజరు ఉత్పత్తి మీద ప్రభావం చూపదని కాదు. ఆ ప్రభావం ఏదైనా ఉంటే అది 4,701 అన్న అంకెలోనే కలిసిపోయింది. మళ్లీ విడిగా నింద మోపడమంటే ఒకే తప్పును రెండుసార్లు లెక్కగట్టడమే.

అందుకే నోటీసు ఇలా ఉంటే సరిపోయేదని నా అభిప్రాయం: ‘ఈ ఏడాది లాభం 4,701 కోట్లు. ఇందులో 2,289 కోట్లు విస్తరణకు ఉంచాలని నిర్ణయించాం. ఈ నిర్ణయం మాది. మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు పంచుతున్నాం. మొత్తం లాభం మీద లెక్కేసుకున్నవారికి ఇది సుమారు సగమే. ఉత్పత్తిలో మీ లోపం వల్ల ఇది తగ్గలేదు. మీ మస్టర్ల లెక్కలో తేడా ఉంటే ఫలానా తేదీలోపు మీ గని కార్యాలయంలో చెప్పండి.’ ‘నిర్ణయం మాది’ అన్న రెండు మాటలు తీసేస్తే డబ్బు దానంతటదే ఎటో పోయినట్టు వినిపిస్తుంది. చేతికొచ్చేది ఆదాయపు పన్ను కోత పోగా అని కూడా అక్కడే చెప్పాలి. లేకపోతే బ్యాంకు మెసేజీ చూశాక ఇంకో గొడవ.

ఈ లెక్క పర్మినెంట్ కార్మికులది. కాంట్రాక్టు కార్మికులకు 2024లో ఇచ్చింది మనిషికి 5,000 రూపాయలు. దానికి ఏ సూత్రమూ లేదు. ఇచ్చినంత అన్నట్టే. వారికి చెప్పాల్సిన వివరణ ఇంకా బాకీ ఉంది.

మీ కంపెనీలో ఇలాంటి వాటా ఉంటే సంఘం ద్వారా ఏప్రిల్‌లోనే ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: శాతం కట్టేది మొత్తం లాభం మీదా, పక్కన పెట్టాక మిగిలినదాని మీదా?