గడువు తప్పాక క్లయింటుకు ఏం రాయాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ బృందం టొరంటోలోని మందుల హోల్‌సేల్ వ్యాపారికి కొత్త స్టాక్ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తోంది. పాత లెక్కలన్నీ అందులోకి ఎక్కించి, శుక్రవారం సాయంత్రం 5 గంటలకు అప్పగించాలి. శనివారం గోదాములో సరుకు లెక్కింపు ఉందని, సెలవు రోజైనా ఆ వ్యాపారి తన సిబ్బందిని రమ్మన్నాడు. తీరా శుక్రవారం సాయంత్రం టీమ్ లీడ్ నుంచి ఈ మెయిల్ వచ్చింది:

“అనివార్య సాంకేతిక కారణాల వల్ల డెలివరీ కొంత ఆలస్యమవుతోంది. శాంపిల్ డేటా మాకు ఆలస్యంగా అందిన సంగతి మీకు తెలిసిందే. మీకేమైనా అసౌకర్యం కలిగి ఉంటే చింతిస్తున్నాం. మా బృందం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. వీలైనంత త్వరగా పూర్తి చేస్తాం.”

మర్యాదకు లోటు లేదు. కానీ చదివినాయనకు రేపు పొద్దున మనుషుల్ని రమ్మనాలో వద్దో ఇందులో ఎక్కడా తెలియదు.

అసలేం జరిగిందంటే, కెనడాలో తేదీలు రాసే పద్ధతి ఒక్కటి కాదు. ఒక గోదాములో రోజు ముందు, ఇంకో గోదాములో నెల ముందు రాశారు. 25/08 అని ఉంటే చిక్కు లేదు, 25వ నెల ఉండదు కాబట్టి. 05/08 అని ఉంటే మాత్రం ఆగస్టు 5 కావచ్చు, మే 8 కావచ్చు. మందుల గడువు తేదీ కాబట్టి ఊహించి వేసేయడానికి లేదు. మొత్తం 60 వేల ఎంట్రీల్లో ఇలా తేలనివి 4,200. ఈ సంగతి బృందానికి బుధవారమే తెలిసింది. ఎలాగోలా సర్దేద్దామనుకుని ఎవరికీ చెప్పలేదు.

టీమ్ లీడ్ ఒప్పుకోవాల్సింది ఆ రెండు రోజుల మౌనాన్ని. తేదీల చిక్కు ఎవరికైనా వస్తుంది. బుధవారమే చెప్పి ఉంటే లెక్కింపు వాయిదా పడేది, అంతే. ఈ మెయిల్‌ను సమీక్షించే మేనేజరు మొదట వెతకాల్సింది ఈ ఒక్క వాక్యం కోసమే. అది లేకపోతే ఎన్ని క్షమాపణలు పేర్చినా, క్లయింటుకు ‘వీళ్లు ఇంకేం దాస్తున్నారో’ అన్న అనుమానం మిగిలిపోతుంది.

శాంపిల్ డేటా ఆలస్యం నిజమే కావచ్చు. ఆ ముక్క తర్వాత జరిగే సమీక్షలో మాట్లాడుకోవచ్చు. క్షమాపణ పక్కన పెడితే అది ఎదురు ఫిర్యాదు అవుతుంది. ‘కలిగి ఉంటే’ కూడా పోవాలి, శనివారం పాడైన సంగతి ఖాయమే కదా. ‘రాత్రింబవళ్లు’ వల్ల క్లయింటుకు ఒరిగేదేమీ లేదు. పైగా నిద్ర లేని బృందం తేదీల్లో ఇంకో తప్పు చేస్తుందేమోనన్న భయం ఒకటి. తప్పు చేసిన కుర్రాడి పేరు కూడా రాయకూడదు. క్లయింటుకు జవాబుదారీ లీడే.

తిరగరాస్తే ఇలా ఉంటుంది:

“ఈరోజు సాయంత్రం 5కి ఇస్తామన్న పని ఇవ్వలేకపోయాం. గడువు తేదీల్లో చిక్కు ఉందని మాకు బుధవారమే తెలుసు; అప్పుడే మీకు చెప్పాల్సింది, నేను చెప్పలేదు. దానివల్ల మీ రేపటి లెక్కింపు చెడింది. క్షమించండి. దయచేసి మీ సిబ్బందికి రేపు రావద్దని చెప్పండి. అందాకా పాత సాఫ్ట్‌వేరే వాడండి. అనుమానం లేని 55,800 ఎంట్రీలు సోమవారం మధ్యాహ్నం 12కి మీరు చూసుకోవచ్చు. మిగతా 4,200 జాబితా దీనికి జతచేశాం. వీటిని ఒరిజినల్ బిల్లులతో సరిచూడటానికి గోదాము తెలిసిన ఒక మనిషి సోమవారం పొద్దున నుంచి కావాలి. ఆ సాయం అందితే బుధవారం సాయంత్రం 5కి మొత్తం అప్పగిస్తాం. ఒక రోజు ఆలస్యమైతే మా తేదీ కూడా ఒక రోజు జరుగుతుంది. రోజూ సాయంత్రం 4కి ఎన్ని తేలాయో రాస్తాను. సమయాలన్నీ టొరంటోవి.”

చివరి వాక్యం చిన్నదే అయినా దాన్ని వదలకూడదు. ఎండాకాలంలో టొరంటో మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. వాళ్ల శుక్రవారం సాయంత్రం 5 అంటే మనకు శనివారం తెల్లవారుజాము రెండున్నర. అప్పగింత రోజు ఏదో ఇక్కడే తారుమారవుతుంది.

ఇక బుధవారం అన్న తేదీ ఎక్కడి నుంచి వచ్చిందని మేనేజరు అడగాలి. క్లయింటు శాంతిస్తాడని లీడ్ వేసుకున్న తేదీ అయితే ప్రమాదం. ఒక వంద ఎంట్రీలు నిజంగా సరిచూసి, ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, పరీక్షకు ఒక పూట కలిపి చెప్పిన తేదీ అయితే నిలబడుతుంది. మొదటి గడువు తప్పితే క్లయింటు విసుక్కుంటాడు. రెండోదీ తప్పితే పైవాళ్లకు ఫోన్ చేస్తాడు.

బిల్లులో తగ్గింపు, పరిహారం లాంటి మాటలు మాత్రం లీడ్ సొంతంగా రాయకూడదు. కాంట్రాక్టులో ఆలస్యానికి జరిమానా షరతు ఉందో లేదో అకౌంట్ మేనేజరు చూసి చెప్పేదాకా ఆ ప్రస్తావనే వద్దు. అలాగని ఆ అనుమతుల కోసం మెయిల్‌ను సోమవారం దాకా ఆపడమూ కుదరదు. సిబ్బంది రావద్దన్న సంగతి ముందు ఫోన్లో చెప్పేసి, వెనకే మెయిల్ పంపాలి.