ప్రాసెసర్‌కు పేస్టు ఎంత పెట్టాలి?

కంప్యూటర్ ప్రాసెసర్ పైమూత, దాని మీద బిగించే కూలర్ అడుగు రెండూ అద్దంలా నున్నగా కనిపిస్తాయి. కానీ రెండింటి మీదా కంటికి ఆనని గీతలు, గుంటలు ఉంటాయి. ఎంత గట్టిగా బిగించినా ఆ సందుల్లో గాలి మిగిలిపోతుంది. వేడిని మోయడంలో రాగితో పోలిస్తే గాలి పదివేల రెట్లకు పైగా వెనకబడి ఉంటుంది. ఆ గాలిని తోసేసి దాని చోటులో కూర్చోవడమే థర్మల్ పేస్టు పని. సాధారణంగా ఇది సిలికాన్ నూనెలో జింక్ ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ లాంటి పొడులు కలిపిన ముద్ద.

అయితే పేస్టు గాలి కన్నా ఎంతో నయమే తప్ప రాగికి సాటి రాదు. కాబట్టి సందులు నిండాలి గానీ, రెండు లోహాల మధ్య మందపాటి పొర మాత్రం మిగలకూడదు. కొలత చిక్కంతా ఇక్కడే ఉంది.

సుమారు 38 మిల్లీమీటర్ల చదరపు మూత ఉన్న మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను తీసుకుందాం. దాని నడుమ 5 మిల్లీమీటర్ల కందిగింజంత పేస్టు పెడితే, అది మూత అంతటా సమంగా పరుచుకున్నప్పుడు పొర మందం 0.05 మిల్లీమీటరు కూడా ఉండదు. అంతకు మించి అక్కర్లేదు. ఇంటెల్ 12వ తరం నుంచి వచ్చిన పొడవాటి ప్రాసెసర్లకు మాత్రం ఒక్క చుక్క చివరల దాకా పాకకపోవచ్చు. వాటికి పొడవునా సన్నటి గీత గీయడం మేలు.

ఎక్కువ పెడితే ఏమవుతుంది? డెస్క్‌టాప్‌లో జనం భయపడేంత నష్టం ఉండదు. నాలుగు స్క్రూల ఒత్తిడికి అదనపు పేస్టు అంచుల నుంచి బయటికి వచ్చేస్తుంది, లోపల మిగిలే పొర దాదాపు అంతే ఉంటుంది. సాకెట్ చుట్టూ మురికి కావడమే అసలు బాధ. పేస్టు విద్యుత్తును ప్రసరింపజేయని రకమైతే బోర్డుకు ముప్పు లేదు. లిక్విడ్ మెటల్ సంగతి పూర్తిగా వేరు: అది విద్యుత్తును మోస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. ఒక్క బొట్టు పక్కకు జారినా బోర్డు షార్ట్ కావచ్చు.

ల్యాప్‌టాప్‌లో అంత సడలింపు లేదు. అక్కడ చిప్ మీద మూత ఉండదు, బిగింపు ఒత్తిడీ తక్కువే. చిక్కటి పేస్టు ముద్దగా పెడితే పూర్తిగా బయటికి పోక మందంగా నిలిచిపోతుంది. చిన్న చిప్‌లోని వేడంతా ఆ పొరను దాటాలి కాబట్టి ప్రతి అదనపు పోగూ డిగ్రీల్లో కనిపిస్తుంది. 2006లో తొలి మాక్‌బుక్ ప్రోలను విప్పి చూసిన కొందరికి చిప్‌ల చుట్టూ పేస్టు పొంగిపొర్లి కనిపించింది. దాని మీద అప్పట్లో పెద్ద చర్చే నడిచింది.

తక్కువ పెట్టడం మాత్రం ఎక్కడైనా ప్రమాదమే. పేస్టు అందని మూల కింద గాలి మిగులుతుంది. ఆ మూల కింద పనిచేసే కోర్ ఉంటే, మిగతావి 70 డిగ్రీల దగ్గర ఉండగానే అదొక్కటి 95 దాటవచ్చు. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వీడియో ఎడిటింగో గేమో నత్తనడక నడుస్తుంటే చాలామంది ముందు ర్యామ్‌ను అనుమానిస్తారు.

వేడి ఎలా పెరుగుతోందో గమనిస్తే జబ్బు చాలావరకు తెలిసిపోతుంది. భారీ పని మొదలుపెట్టగానే రెండు మూడు సెకన్లలో 95 డిగ్రీలకు ఎగబాకి, ఆపగానే అంతే వేగంగా పడిపోతే తప్పు చాలాసార్లు పేస్టుది లేదా బిగింపుది. కూలర్ అడుగున అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొరను తీయడం మరిచిపోయినా ఇదే లక్షణం. పది నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కుతుంటే ఫ్యాన్‌లో దుమ్ము, గాలి ఆడకపోవడం లాంటివి ముందు చూడాలి. వాటికి కొత్త పేస్టు మందు కాదు.

మార్చేటప్పుడు ముందుగా కంప్యూటర్‌లో ఏదైనా పని నడిపి పాత పేస్టును కాస్త వేడెక్కనివ్వాలి, తర్వాత కరెంటు తీసేయాలి. కింద పిన్నులుండే ఏఎమ్4 ప్రాసెసర్లలో కూలర్‌ను నేరుగా పైకి లాగితే గట్టిపడ్డ పేస్టు ప్రాసెసర్‌నూ సాకెట్ నుంచి పీకేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. అందుకే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి పట్టు వదిలాకే ఎత్తాలి. నూగు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి రెండు వైపులా పాత మరక పోయేదాకా తుడిచి, ఆరనివ్వాలి. పేస్టు పెట్టాక కూలర్‌ను నిటారుగా దించి, స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించాలి. ఒక మూల ముందే పూర్తిగా బిగిస్తే పేస్టు అంతా రెండో వైపుకు పోతుంది. ల్యాప్‌టాప్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అచ్చువేసే అంకెలు ఈ వరుస కోసమే.

సరిగా పరుచుకుందా అన్న అనుమానంతో కూలర్‌ను ఒకసారి ఎత్తి చూడవచ్చు. కానీ అదే పేస్టు మీద తిరిగి పెట్టేస్తే మధ్యలో గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఎత్తితే మళ్లీ అంతా తుడిచి, కొత్త చుక్కతో మొదలుపెట్టాల్సిందే.