చప్పుడు, జనం... తట్టుకోలేకపోతున్నారా?

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి ఓపీకి ఒకే రకం ఫిర్యాదుతో కొందరు వస్తుంటారు. "డీజే వింటే గుండె దడ సార్. ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా నాకే వచ్చినట్టుంటది" అంటారు. పరీక్షలన్నీ నార్మల్. ఇంట్లోవాళ్లేమో 'నఖరాలు' అంటారు.

నఖరాలు కావు. అమెరికా మనస్తత్వవేత్త ఎలేన్ ఆరన్ 1990లలో దీన్ని 'అతి సున్నితత్వం'గా వివరించారు. ఇది జబ్బు కాదు, స్వభావం. వీరి మెదడు చప్పుళ్లను, ఎదుటివారి ముఖంలో మార్పులను మరీ లోతుగా పట్టించుకుంటుంది. అందుకే త్వరగా అలసిపోతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక టీచరమ్మ సంగతే చూడండి. ఓ సోమవారం సెలవు పెట్టి, పొద్దున్నే వేములవాడ క్యూలో నిలబడ్డారు. మధ్యాహ్నం బంధువుల పెళ్లి. రాత్రి ఇంట్లో మాటపట్టింపు. చివరికి కుక్కర్ విజిల్‌కు ఏడ్చేశారు. తప్పు విజిల్‌ది కాదు, పొద్దుటి నుంచి పోగైన భారానిది. రెండు వారాలపాటు రోజూ ఏం చేశారో, అలసట పదికి ఎంతో రాయమన్నాను. ఒక్కో పని విడిగా ఉన్న రోజు అలసట నాలుగు దాటలేదు. మూడూ కలిసిన రోజు, నిద్ర తగ్గిన మరుసటి రోజు తొమ్మిదికి చేరింది.

అప్పుడు మార్పులు చేశాం. జనం ఉండే పనులు రోజుకు ఒకటే. దర్శనానికి రద్దీ ఎక్కువుండే సోమవారం కాకుండా వేరే రోజు. పెళ్లిలో స్పీకర్లకు దూరంగా కూర్చుని, తలంబ్రాలు చూసి, భోంచేసి, బరాత్‌కు ముందే బయల్దేరడం. బడి నుంచి వచ్చాక ఇరవై నిమిషాలు ఒంటరిగా ఉండటం. "అత్తమ్మా, కాసేపు పిలవకండి, తర్వాత చాయ్ నేనే పెడతా" అని ముందే చెప్పడం. ఎవరైనా ముభావంగా ఉంటే, తన వల్లేనేమోనని ఊహించుకోకుండా "ఏమైంది?" అని నేరుగా అడగడం.

అలాగని అన్నీ మానేయొద్దు. ఎంత తప్పించుకుంటే భయం అంత పెరుగుతుంది. కెస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లాలనుంటే వెళ్లండి, మర్నాడు మాత్రం ఖాళీగా పెట్టుకోండి. బరాత్‌లో దూది కంటే మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ నయం. ఇంట్లో మాత్రం రోజంతా వాడకండి, చెవి మరింత సున్నితమవుతుంది. నిబంధనల ప్రకారం సాధారణంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఇబ్బందైతే 112కు ఫోన్ చేయండి.

చిన్నప్పటి నుంచి లేనిది కొత్తగా మొదలైతే మాత్రం స్వభావం అనుకోవద్దు. చప్పుడుతోపాటు ఒకవైపు తలనొప్పి, వాంతులు ఉంటే మైగ్రేన్ కావచ్చు. దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. చెవిలో నొప్పి, గుయ్‌మనే మోత ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. రెండు వారాలుగా దిగులు, నిద్రలేమి ఉంటే మానసిక వైద్యుడిని కలవాలి. 14416 టెలీ మానస్‌కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

- రచయిత ప్రభుత్వ ఆసుపత్రి ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ